బండి అప్పజెప్పాక వచ్చే బిల్లు

శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని, శని ఆదివారాలు విజయవాడలో పెళ్ళి చూసుకుని, ఆదివారం సాయంత్రానికి తిరిగి తెచ్చి పార్కింగ్‌లో పెట్టేశారు. అద్దె ముందే కట్టేశారు, డిపాజిట్ అయిదు వేలు కంపెనీ దగ్గర ఉంది. తాళం తీసుకున్న కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఓకే సార్, మీరు వెళ్ళండి, డిపాజిట్ రెండు మూడు రోజుల్లో పడిపోతది" అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. డిపాజిట్ రాలేదు సరికదా, ఇంకా 6,682 రూపాయలు కట్టాలని అందులో ఉంది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి బిల్లుల్లో మామూలుగా కనిపించే పద్దులన్నీ ఒకచోట చేర్చి, లెక్క అర్థం కావడానికి నేను కట్టిన ఉదాహరణ. పద్దులు నాలుగు. పెట్రోలు 1,272. టోల్ 810. ఒక రోజు అదనపు అద్దె 2,800. వెనక బంపర్ డ్యామేజీ 6,800. మొత్తం 11,682. అందులోంచి డిపాజిట్ అయిదు వేలు తీసేస్తే మిగిలింది ఆ 6,682.

చాలామంది ఈ మెయిల్ చూడగానే మొత్తం అంకె మీద విరుచుకుపడతారు. "ఇది మోసం, నా డిపాజిట్ నాకు ఇచ్చేయండి" అని రాస్తారు. అవతలి నుంచి "మా నిబంధనల ప్రకారమే వేశాం" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. అక్కడితో మాట తెగిపోతుంది. నిజానికి అది ఒక బిల్లు కాదు, నాలుగు వేరువేరు బిల్లులు ఒకే కాగితం మీద ఉన్నాయి. టోల్‌కి మూడో మనిషి రాసిన రికార్డు ఉంటుంది. పెట్రోలు కొలిచి తేల్చుకోవచ్చు. ఆలస్యం గడియారం తేలుస్తుంది, కాకపోతే ఎవరి గడియారం అన్నదే తగాదా. డ్యామేజీ మాత్రం చూసిన మనిషి అభిప్రాయం. దేనికి ఏ రుజువు అడగాలో తెలిస్తే గొడవ సగం తగ్గుతుంది.

ముందు, ఇవన్నీ బండి అప్పజెప్పాక రెండు మూడు రోజులకు ఎందుకు వస్తాయన్నది. పార్కింగ్‌లో తాళం తీసుకునే కుర్రాడికి బిల్లుతో పని లేదు. అతను ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కిస్తాడు, అంతే. ఫాస్టాగ్ ఖాతాలోంచి డబ్బు కోసిన వివరాలు చూసేది ఆఫీసులో ఇంకొకరు. బండి కడిగించాక గీతలు బయటపడతాయి. ఇవన్నీ కలిపి బిల్లు రాసేది మీ ముఖం గానీ బండి గానీ చూడని మరో మనిషి. కాబట్టి ఆలస్యంగా రావడమే మోసానికి గుర్తు కాదు. మీరు అక్కడ లేనప్పుడు రాసిన బిల్లు కాబట్టి ఆధారం చూపించమని అడిగే హక్కు మాత్రం మీకు గట్టిగా ఉంటుంది.

మన దేశంలో డిపాజిట్ ఎందుకు తీసుకుంటారన్నది కూడా ఇక్కడే ఉంది. ఇక్కడ కార్డు మీద ఆన్‌లైన్‌లో డబ్బు తీయాలంటే సాధారణంగా ఓటీపీ లాంటి రెండో అనుమతి కావాలి. ట్రిప్పు అయిపోయాక మిమ్మల్ని అడగకుండా కార్డు గీకడం కంపెనీకి తేలిక కాదు. అందుకే ముందే కొంత సొమ్ము దగ్గర పెట్టుకుంటారు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు పరిస్థితి వేరు. అక్కడ బండి తీసుకునేటప్పుడు ఇచ్చిన కార్డు మీదే తర్వాతి టోళ్ళూ, కంపెనీ టోల్ సేవ వాడుకున్నందుకు రోజుకింత అని రుసుమూ నేరుగా పడిపోతాయి. ఇక్కడ అయితే డిపాజిట్‌కి మించిన మొత్తాన్ని వాళ్ళు మిమ్మల్ని అడిగి తీసుకోవలసిందే. బేరానికి ఆ మాత్రం చోటు ఉంది.

టోల్ తేలికైనది కాబట్టి అక్కడ మొదలుపెడదాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర అని నాలుగు టోల్ గేట్లు. వెళ్ళేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు నాలుగు, మొత్తం ఎనిమిది కోతలు. మన మెయిల్‌లో 810 రూపాయలని ఒకే అంకె ఉంది. ఎన్ని గేట్లు, ఏ సమయం అన్నది లేదు. ఫాస్టాగ్ అన్నది బండి అద్దానికి అతికించినదైనా, దాని వెనక ఉన్నది బ్యాంకు ఖాతా. ప్రతి కోతకూ గేటు పేరు, తేదీ, సమయం ఆ ఖాతా స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. ఆ స్టేట్‌మెంట్‌లో మీ ట్రిప్పు భాగం పంపమని అడగాలి. పంపడానికి కంపెనీకి అయిదు నిమిషాల పని.

మన ఉదాహరణలో స్టేట్‌మెంట్ వచ్చింది. ఎనిమిది ఉండాల్సిన చోట తొమ్మిది వరసలు ఉన్నాయి. తొమ్మిదోది శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు పంతంగి దగ్గర పడింది. ఆ సమయానికి బండి మీ చేతికి రాలేదు, మీరు తీసుకున్నది సాయంత్రం ఆరింటికి. అంతకుముందు కస్టమర్ వెనక్కి తెస్తూ దాటిన గేటది. ఇందులో కుట్రేమీ ఉండనక్కర్లేదు, తేదీని బట్టి లెక్క వేసినవాడు గంటలు చూడలేదు. ఆ ఎనభై తీసేస్తే 730. అది మీరు కట్టాల్సిందే.

ఇక్కడ ఇంకో రెండు సంగతులు. ఒక్కోసారి ఓనరు ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు ఉండదు, లేదా ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉంటుంది. గేటు తెరుచుకోదు. వెనక హారన్లు మోగుతుంటే మనం జేబులోంచి కడతాం. 2025లో నగదు అయితే రెట్టింపు ఉండేది. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. ఆ రసీదు పారేస్తే, ఆ అదనపు సొమ్ము ఓనరు తప్పు వల్ల పోయిందని చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. గేటు రసీదు మడిచి గ్లోవ్ బాక్సులో పెట్టేసి, బండితో పాటే దాన్నీ అప్పజెప్పేసేవాళ్ళు బోలెడుమంది.

రెండోది, మామూలు తెల్ల నంబరు ప్లేటు బండి. చట్టప్రకారం అద్దెకు నడిచే సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు ఉంటాయి. మోటారు వాహనాల చట్టం కింద 1989లో వచ్చిన రెంట్ ఎ క్యాబ్ పథకం దీనికి మూలం. కానీ ఇప్పుడు యాప్‌ల ద్వారా సొంత కార్లు కూడా అద్దెకు తిరుగుతున్నాయి. సొంత కార్లకు 2025 ఆగస్టు 15 నుంచి వార్షిక ఫాస్టాగ్ పాస్ ఉంది, మొదలైనప్పుడు దాని ధర మూడు వేల రూపాయలు. ఏడాది గానీ రెండు వందల దాటింపులు గానీ, ఏది ముందయితే అది. ఓనరు దగ్గర ఆ పాస్ ఉంటే జాతీయ రహదారి గేట్ల దగ్గర మీ ట్రిప్పుకి విడిగా డబ్బు పోదు. అయినా బిల్లులో మామూలు రేటున టోల్ వేస్తే, అది ఆయన కట్టని డబ్బు. స్టేట్‌మెంట్ అడగడానికి ఇది మరో కారణం. పాస్ ఖర్చులో తన వాటాగా కొంత అడిగితే న్యాయమే, కానీ ఆ మాట ముందే చెప్పాలి.

పెట్రోలు దగ్గరికి వద్దాం. "రెండు గీతలు తక్కువ" అన్నది ఇలాంటి బిల్లుల్లో తరచూ కనిపించే వాక్యం. మన బండి మామూలు హ్యాచ్‌బ్యాక్, ట్యాంకు 37 లీటర్లు, మీటరులో ఎనిమిది గీతలు. ఎనిమిదో వంతు అంటే నాలుగున్నర లీటర్ల పైచిలుకు. రెండు గీతలకు తొమ్మిది లీటర్లని లెక్కకట్టి, లీటరు 108 చొప్పున 972, పైన పోయించిన సేవకు 300 వేశారు.

ఈ లెక్కలో లోపం ఎక్కడంటే, గీత లీటరు కాదు. ట్యాంకులో తేలే బుడిపె ఎత్తును బట్టి మీటరు చూపిస్తుంది. ట్యాంకు అడుగునా పైనా ఒకే వెడల్పు ఉండదు, కాబట్టి ఒక్కో గీత కింద ఒక్కో పరిమాణం. బండి ర్యాంపు మీద ఏటవాలుగా ఆగి ఉంటే ఒక గీత అటూ ఇటూ కనిపించవచ్చు. పైగా గీత ఆరిపోయే అంచున ఉన్నప్పుడు ఒక్క లీటరు తేడాకే మొత్తం గీత పోతుంది. బండి మీకిచ్చేటప్పుడు అయిదో గీత ఆరిపోబోతుండగా ఇచ్చి, తిరిగి తీసుకునేటప్పుడు నాలుగో గీత అప్పుడే ఆరితే, అసలు తేడా ఒక గీతకు కాస్త ఎక్కువే అయినా కాగితం మీద రెండు గీతలు కనిపిస్తాయి.

దీన్ని మరో దారిలో సరిచూసుకోవచ్చు, ఇంట్లో కూర్చునే. ఓడోమీటరు ప్రకారం బండి 610 కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద ఏసీ వేసుకుని, లీటరుకి పదిహేడు కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే దాదాపు 36 లీటర్లు కాలింది. సూర్యాపేట దగ్గర 20 లీటర్లు, తిరుగు దారిలో 14 లీటర్లు పోయించిన బిల్లులు మీ దగ్గర ఉన్నాయి. మొత్తం 34. తేడా రెండు లీటర్లు. మైలేజీ పదహారే ఇచ్చిందనుకున్నా తేడా నాలుగు లీటర్ల చిల్లర. తొమ్మిది లీటర్లు తగ్గాలంటే బండి పద్నాలుగు ఇచ్చి ఉండాలి. ఊళ్ళో ట్రాఫిక్‌లో అది మామూలే, హైవే మీద పెద్ద భాగం తిరిగిన బండికి నమ్మదగినదిగా లేదు. ఇది కోర్టులో నిలిచే కొలత కాదు, మైలేజీ మనం అనుకున్నదే కదా. కానీ పెట్రోలు బంకు బిల్లులూ ఓడోమీటరు ఫొటోలూ జతచేసి ఈ లెక్క రాసి పంపితే, తొమ్మిది లీటర్లని రాసినవాడు తన అంకెకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మధ్యేమార్గంగా మూడు లీటర్లని ఒప్పుకుంటే 324. సేవా రుసుము ఒప్పందంలో ఉంటే ఆ 300 తప్పదు. మొత్తం 624.

పెట్రోలు విషయంలో ఒక చిన్న అలవాటు మేలు చేస్తుంది. అప్పజెప్పే చోటికి దగ్గరగా ఉన్న బంకులోనే ఆఖరుసారి పోయించి, అక్కడి బిల్లు, ఆ వెంటనే మీటరు ఫొటో తీసి ఉంచుకోవడం. రసీదు మీద సమయం ఉంటుంది. ఒక గీత ఎక్కువ పోయించినా తిరిగి ఇచ్చే కంపెనీలు తక్కువ, కాబట్టి నింపేయడం కూడా లాభం కాదు.

ఇక ఆలస్యం. బుకింగ్ ఆదివారం సాయంత్రం ఆరింటి వరకు. ఆదివారం సాయంత్రం విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే దారి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పంతంగి గేటు దగ్గర, చౌటుప్పల్‌లో, ఎల్బీ నగర్‌లో మూడుచోట్ల ఆగి, ఆరూ ఇరవైకి బండి పార్కింగ్‌లోకి వచ్చింది. కుర్రాడు లేడు. ఫోను చేస్తే "వేరే బండి దగ్గర ఉన్నా సార్, పది నిమిషాలు" అన్నాడు. వచ్చేసరికి ఏడూ నలభై అయిదు. యాప్‌లో ట్రిప్పు ముగిసినట్టు నొక్కింది ఏడూ యాభైకి. బిల్లులో పడ్డ సమయం అదే. ఒప్పందంలో అరగంట వరకు ఊరుకుంటామనీ, ఆపైన గంట దాటితే ఒక రోజు అద్దె అనీ ఉంది. అందుకే 2,800.

తగాదా అంతా బండి ఎప్పుడు తిరిగి వచ్చినట్టు అన్న దాని మీదే. మీరు పార్కింగ్‌లో ఇంజన్ ఆపినప్పుడా, కుర్రాడు తాళం అందుకున్నప్పుడా, యాప్‌లో బటన్ నొక్కినప్పుడా? ఒప్పందంలో సాధారణంగా ఎక్కడో ఒక చోట ఇది రాసి ఉంటుంది, చాలాసార్లు మూడోదే ఉంటుంది. కానీ మనిషిని పంపడం కంపెనీ పని. వాళ్ళ మనిషి గంటన్నర ఆలస్యంగా వస్తే దాన్ని మీ ఆలస్యంగా రాయడం నిలవదు.

దీనికి మంచి సాక్షి కంపెనీ దగ్గరే ఉంది. అద్దె కార్లలో జీపీఎస్ పరికరం పెట్టడం మామూలు. బండి ఎక్కడ, ఎప్పుడు ఆగిందో, ఇంజన్ ఎప్పుడు ఆపారో అందులో నమోదవుతుంది. మీరు నూట ఇరవై వేగంతో వెళ్ళారని హెచ్చరిక పంపడానికి వాడుకునే పరికరమే ఇది. కాబట్టి జవాబులో ఒక్క వాక్యం చాలు: ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఈ బండి జీపీఎస్ రికార్డు పంపండి. దానికి తోడు ఆరూ ఇరవై రెండుకి కుర్రాడికి మీరు చేసిన కాల్ మీ ఫోన్ లాగ్‌లో ఉంది. పార్కింగ్‌లో ఆగిన బండి ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఆరూ ఇరవై అని తేలితే అరగంట గడువు లోపలే ఉన్నట్టు. అదనపు రోజు సున్నా అవుతుంది.

నిజంగా మూడు గంటలు ఆలస్యమైతే ఈ వాదన పనికిరాదు. ఆ బండి కోసం ఆరున్నరకు ఇంకో కుటుంబం సామానుతో నిలబడి ఉండవచ్చు. దారిలో ఆలస్యం ఖాయమని తెలిసినప్పుడు, గడువు దాటకముందే యాప్‌లో పొడిగింపు అడగడం మంచిది. పొడిగింపుకి మామూలు గంట రేటు ఉంటుంది, గడువు దాటాక పడేది జరిమానా రేటు. సూర్యాపేటలో టీ తాగేటప్పుడు చేయాల్సిన పని అది, ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నాక కాదు.

మిగిలింది బంపర్. బిల్లులో పెద్ద అంకె ఇదే, గట్టి ఆధారం లేకుండా వేసేదీ ఎక్కువగా ఇదే.

మెయిల్‌తో పాటు రెండు ఫొటోలు వచ్చాయి. వెనక బంపర్ ఎడమ మూల, పెయింట్ లేచిన గీత, జానెడు పొడుగు. ఫొటోలో బండి కడిగి ఉంది, పగటి వెలుతురు ఉంది. మీరు అప్పజెప్పింది రాత్రి, సెల్లారులో, ట్యూబ్‌లైట్ కింద, దారి దుమ్ముతో. అంటే ఫొటో తీసింది మర్నాడో ఆపైనో. మీరు తాళం ఇచ్చాక ఆ బండిని సెల్లారు నుంచి యార్డుకి ఎవరో నడిపారు, ఎవరో కడిగారు, ఆ మధ్యలో ఇంకో ట్రిప్పుకి వెళ్ళి ఉండవచ్చు కూడా. అందుకని మొదటి ప్రశ్న: ఈ ఫొటో ఎప్పుడు తీశారు, దాని అసలు ఫైలు పంపండి. రెండోది: నా ట్రిప్పు ముగిశాక ఈ ఫొటో తీసేలోపు బండి ఎవరి దగ్గర ఉంది, ఓడోమీటరు ఎంత ఉంది? అప్పజెప్పినప్పుడు ఓడోమీటరు ఫొటో మీ దగ్గర ఉంటే, రెండు అంకెల మధ్య తేడా అంతా చెప్పేస్తుంది. యార్డు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఓడోమీటరులో నలభై పెరగకూడదు.

మన ఉదాహరణలో గీత మీ వల్లే పడిందనుకుందాం. పెళ్ళి మండపం దగ్గర రివర్స్ తీస్తుంటే గోడకు రాసుకుంది, మీకూ తెలుసు. అయినా 6,800 సరైన అంకేనా అన్నది వేరే ప్రశ్న.

బంపర్ మీద గీత పడితే ఆ గీత వరకే రంగు వేయరు. షేడ్ కలవదు. బంపర్ మొత్తం రుద్ది, పుట్టీ పెట్టి, ప్రైమర్, రంగు, క్లియర్ కోటు వేసి బూత్‌లో ఆరబెడతారు. దీన్ని షెడ్డువాళ్ళు ప్యానెల్ లెక్కన కడతారు. ఒక డోరు ఒక ప్యానెల్, ఒక ఫెండరు ఒక ప్యానెల్, బంపర్ ఒక ప్యానెల్. జానెడు గీతకైనా మూరెడు గీతకైనా ప్యానెల్ రేటే. ఈ మాట కంపెనీ చెబితే అది నిజమే, తోసిపుచ్చడానికి లేదు.

కానీ అదే మాటను ఇటు తిప్పి చూడండి. బండి తీసుకునేటప్పుడు మీరు తీసిన వీడియోలో అదే బంపర్ మీద కుడి వైపు రెండు పాత గీతలు ఉన్నాయి. కుర్రాడే చూపించి "అవి పాతవే సార్, మీకు సంబంధం లేదు" అన్నాడు. ఆ గీతలు వేసిన పాత కస్టమర్ల దగ్గర ఒక్కొక్కరి నుంచి బంపర్ మొత్తానికి రంగు డబ్బు వసూలు చేసి ఉంటే, ఆ రంగు ఎక్కడ? గీతలు అలాగే ఉన్నాయంటే బండి షెడ్డుకి వెళ్ళలేదు. ఇప్పుడు మీ దగ్గరా అదే ప్యానెల్‌కి మొత్తం డబ్బు. మూడు గీతలకు మూడుసార్లు వసూలు, రంగు వేయించేది మాత్రం ఎప్పుడో ఒకసారి, లేదా బండి అమ్మే ముందు. తీసుకునేటప్పుడు తీసిన వీడియో మీ మీద నేరం పడకుండా కాపాడటానికి మాత్రమే అనుకుంటాం. పాత గీతలున్న ప్యానెల్‌కి మీ వాటా ఎంత అని అడగడానికి కూడా అదే ఆధారం.

అందుకే ఎస్టిమేట్‌కీ ఇన్వాయిస్‌కీ తేడా పట్టించుకోవాలి. ఎస్టిమేట్ అంటే ఇంత అవ్వొచ్చని షెడ్డువాళ్ళు రాసిచ్చే కాగితం. ఇన్వాయిస్ అంటే పని అయ్యాక ఇచ్చే బిల్లు. దాని మీద బండి నంబరు, తేదీ, చేసిన పని, షెడ్డు జీఎస్టీ నంబరు ఉంటాయి. మెయిళ్ళతో వచ్చేది చాలాసార్లు ఎస్టిమేటే, కొన్నిసార్లు అది కూడా ఉండదు, కంపెనీ సొంత రేట్ల పట్టీలోంచి ఒక అంకె మాత్రం ఉంటుంది. "పని చేయించి ఇన్వాయిస్ పంపండి, నా వాటా కడతాను" అన్నది న్యాయమైన జవాబు, మర్యాదైన జవాబు కూడా.

ఇన్సూరెన్స్ సంగతి కూడా అడగాలి. కంపెనీ ఈ దెబ్బకు తన పాలసీ కింద క్లెయిము పెట్టి డబ్బు తెచ్చుకుంటే, అదే దెబ్బకు మీ దగ్గర పూర్తి డబ్బు తీసుకోవడం రెండుసార్లు తీసుకోవడమే అవుతుంది. పాలసీ ఇవ్వని భాగం వరకే మీ నుంచి అడగాలి. పాలసీ ఇవ్వని భాగం బంపర్లకు కాస్త ఎక్కువే ఉంటుంది. జీరో డిప్రిసియేషన్ లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల విలువలో సగం కోసేస్తారు. బుకింగ్‌లో మీరు విడిగా కొన్న ప్రొటెక్షన్ ప్లాన్ ఉంటే దాని పరిమితి చూడండి. చాలా ప్లాన్లలో టైర్లు, బండి అడుగు భాగం, లోపలి సీట్లు, క్లచ్ చేరవు. తెల్ల ప్లేటు బండి అయితే ఇంకో ప్రమాదం ఉంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద బండిని అద్దెకు తిప్పితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము తిరస్కరించడానికి కారణం దొరుకుతుంది. చిన్న గీతకు ఇది పెద్ద సంగతి కాదు, పెద్ద ప్రమాదానికి ఇదే అసలు సంగతి.

వీటన్నిటి వెనక చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో. మన కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా అది పైకప్పు మాత్రమే. దానికి లోబడి సహేతుకమైన పరిహారమే వస్తుంది. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త స్పష్టంగా, నష్టం అన్నది జరిగి ఉండటం ఈ సెక్షన్‌కి ప్రాణమని చెప్పింది. "టర్మ్స్ ఒప్పుకున్నారు కదా" అన్న మాట దగ్గర వాదన ఆగిపోనక్కర్లేదన్నమాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానాలను అన్యాయమైన ఒప్పందాల లక్షణాల్లో ఒకటిగా చెప్పింది.

కోర్టు దాకా వెళ్ళే ముందు రాతపూర్వకంగా ఒక మెయిల్ పెట్టాలి. ఫోన్‌లో అరిచిన మాటలకు రికార్డు ఉండదు. అందులో ఒప్పుకునే పద్దులు ముందు రాయాలి: టోల్ 730 కడతాను, పెట్రోలు 624 కడతాను. తర్వాత ఒప్పుకోనివి, వాటికి కావలసిన ఆధారాలు, ఎన్ని రోజుల్లో జవాబు కావాలో. ఒప్పుకునేది ఒప్పుకున్నవాడి మాటకు అవతలివాడు విలువ ఇవ్వక తప్పదు, రేపు కమిషన్ ముందు కూడా. వారం పది రోజుల్లో జవాబు లేకపోతే 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదును కంపెనీకి పంపుతుంది. చిన్న మొత్తాల గొడవలు కొన్ని ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్ళు. అయితే నాలుగు వేల కోసం వాయిదాలకు తిరిగే ఓపిక ఎందరికి ఉంటుందన్నది కంపెనీలకు కూడా తెలుసు. అందుకే మొదటి మెయిల్ బాగా రాయడానికి పెట్టే గంట, తర్వాత వేసే కేసు కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

మన లెక్కకి వస్తే, బంపర్ తప్ప మిగతా మూడు పద్దులు 4,882 నుంచి 1,354కి దిగాయి. డిపాజిట్‌లో ఇంకా 3,646 మీదే. బంపర్ బేరం ఆ సొమ్ము చుట్టూ జరుగుతుంది. ఇన్వాయిస్ వచ్చి, పాత గీతల మాట తేలి, ఇన్సూరెన్స్ సంగతి చెప్పాక మీ వాటా అందులో పట్టిపోతే మిగిలింది వెనక్కి రావాలి, పట్టకపోతే తేడా కట్టాలి. ఇంకా కట్టాలని వచ్చిన ఆ 6,682కి మాత్రం ఇప్పటికి ఆధారం లేదు.

ఇంత తేలాక కూడా నెల తర్వాత ఇంకో మెయిల్ రావచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీదో, విజయవాడ ఊళ్ళోనో కెమెరాకు చిక్కిన చలాను. అది బండి నంబరు మీద ఓనరుకి వెళ్ళి, అక్కడి నుంచి మీకు వస్తుంది. చలానులో ఫొటో, స్థలం, నిమిషంతో సహా సమయం ఉంటాయి కాబట్టి ఇందులో వాదించడానికి పెద్దగా ఉండదు. సమయం మీ బుకింగ్‌లో ఉందో లేదో చూసుకుని, పోలీసుల ఈ చలాన్ సైట్లో బండి నంబరుతో అదే చలాను కనిపిస్తోందో లేదో సరిచూసుకుని, అక్కడే నేరుగా కట్టేసి రసీదు కంపెనీకి పంపండి. కంపెనీ తన ప్రాసెసింగ్ రుసుము అడిగితే, అది ఒప్పందంలో ఎక్కడుందో చూపించమనండి.